రెజ్యూమెలో రెండేళ్ల గ్యాప్.. దాస్తే దొరికిపోతారు, ఒక్క లైన్‌లో రాస్తే చాలు!

ఇంట్లో చిన్న పాప. అత్తమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఇక ఉద్యోగం చేయడం కుదరదని రాజీనామా. చూస్తుండగానే రెండేళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు ఇంట్లో పరిస్థితి కుదుటపడింది, మళ్లీ ఉద్యోగానికి వెళ్దామని రెజ్యూమె తెరిస్తే ఒకటే ప్రశ్న.. ఈ రెండేళ్ల దగ్గర ఏం రాయాలి?

సంగారెడ్డి జిల్లా కోహీర్ లాంటి ఊళ్లలో ఈ ప్రశ్నకు ఇప్పుడు ప్రాధాన్యం పెరిగింది. పక్కనే జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల ప్లాంట్ ఉంది. జహీరాబాద్ ఇండస్ట్రియల్ స్మార్ట్ సిటీకి 2024 ఆగస్టు 28న కేంద్ర కేబినెట్ ఆమోదం తెలిపింది. 3,245 ఎకరాలు, రూ.2,361 కోట్ల ప్రాజెక్టు ఇది. 1.74 లక్షల మందికి ఉపాధి వస్తుందని కేంద్రం అంచనా. అవన్నీ ఎప్పటికి వస్తాయన్నది వేరే చర్చ. కానీ కంపెనీ వచ్చిన చోట అకౌంట్స్, స్టోర్స్, క్వాలిటీ, హెచ్ఆర్ విభాగాల్లో మనుషులు కావాలి. ఆ పనులు గతంలో చేసి, ఇంటి కోసం మానేసిన మహిళలు ఇక్కడ ఉన్నారు. వాళ్ల అడ్డంకి చదువు కాదు, అనుభవం కాదు.. ఆ రెండేళ్ల ఖాళీ.

చాలామంది చేసే మొదటి పని ఆ ఖాళీని దాచేయడం. అసలు సమస్య అక్కడే మొదలవుతోంది.

అదే రెండేళ్లు.. అక్కడ సెలవు, ఇక్కడ గ్యాప్!

ముందు ఒక విషయం చూద్దాం. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు చైల్డ్ కేర్ లీవ్ ఉంటుంది. మొత్తం సర్వీసులో 730 రోజులు. అంటే లెక్కకు సరిగ్గా రెండేళ్లు! మొదటి 365 రోజులు పూర్తి జీతం, తర్వాతి 365 రోజులు 80 శాతం జీతం. తెలంగాణ ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు ఈ సెలవు 90 రోజులు. పిల్లల కోసం ఈ సెలవు వాడుకున్న ఉద్యోగిని సర్వీస్ రిజిస్టర్‌లో ఎక్కడా గ్యాప్ అని ఉండదు. సెలవు అని ఉంటుంది.

ప్రైవేటులో అలాంటి సదుపాయం లేదు. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల చొప్పున జీతంతో కూడిన సెలవు వచ్చింది. ప్రసవానికి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. కానీ ఆరు నెలల తర్వాత? బిడ్డను చూసేవాళ్లు లేకపోతే రాజీనామానే దారి. అత్తమామల జబ్బు కోసమైతే నెలల తరబడి జీతంతో సెలవు ఇవ్వాలన్న నిబంధనే లేదు. అంటే రెండు చోట్లా చేసిన పని ఒకటే. ఒకచోట దానికి పేరుంది, ఇంకోచోట లేదు. రెజ్యూమెలో చేయాల్సింది కూడా అంతే.. ఆ కాలానికి ఒక పేరు పెట్టడం.

ముందు లెక్క సరిచూసుకోవాలి

ఇక్కడ ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది కేవలం అర్థం కావడం కోసం ఊహించుకున్న కేసు. కోహీర్‌కు చెందిన ఒక బీకాం గ్రాడ్యుయేట్. 2019 జూన్‌లో జహీరాబాద్‌లోని ఒక ఆటో విడిభాగాల సంస్థలో అకౌంట్స్ అసిస్టెంట్‌గా చేరారు. 2022 సెప్టెంబర్‌లో పాప పుట్టింది. 26 వారాల సెలవు తీసుకుని మళ్లీ డ్యూటీలో చేరారు. కొన్ని నెలలకే అత్తమ్మకు కిడ్నీ సమస్య. వారానికి మూడు రోజులు డయాలసిస్, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు. రానుపోను ప్రయాణం కలిపితే ఆ రోజంతా దానికే పోతుంది. 2023 సెప్టెంబర్ 30న ఆమె ఉద్యోగం మానేశారు. 2025 అక్టోబర్‌లో మళ్లీ దరఖాస్తు చేస్తున్నారు.

ఆమె గ్యాప్ ఎంత? కొందరు పాప పుట్టినప్పటి నుంచి లెక్కేసి మూడేళ్లు అంటారు. అది తప్పు. ప్రసూతి సెలవు కాలం ఉద్యోగంలో భాగమే. కాబట్టి ఆమె అనుభవం 2019 జూన్ నుంచి 2023 సెప్టెంబర్ వరకు.. అంటే 4 ఏళ్ల 4 నెలలు. గ్యాప్ కచ్చితంగా రెండేళ్లు. ప్రసూతి సెలవును రెజ్యూమెలో విడిగా చూపించాల్సిన పనే లేదు. లేని గ్యాప్‌ను తామే రాసుకుని నష్టపోయేవాళ్లు కూడా ఉంటారు. అందుకే రాసే ముందు రిలీవింగ్ లెటర్ తీసి తేదీలు చూసుకోవాలి.

తేదీలు సాగదీస్తే ఏమవుతుంది?

ఇక్కడే సలహాలు మొదలవుతాయి. 'పాత కంపెనీలో 2025 మార్చి దాకా చేశానని రాసెయ్, ఎవరు చూస్తారు?' అని తెలిసినవాళ్లు ఎవరో ఒకరు చెబుతారు. చూస్తారు. ఎలాగో తెలుసుకుంటే ఆ సాహసం ఎవరూ చేయరు.

20 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలకు పీఎఫ్ చట్టం వర్తిస్తుంది. పీఎఫ్ కట్టిన ప్రతి ఉద్యోగికీ ఒక యూఏఎన్ నంబర్ ఉంటుంది. ఎన్ని కంపెనీలు మారినా అదే నంబర్. ఆ ఖాతాలో ఏ సంస్థలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు బయటకు వచ్చారు అన్నది తేదీలతో సహా నమోదై ఉంటుంది. కొత్త సంస్థలో చేరిన రోజు ఉద్యోగి ఫారం 11 అనే డిక్లరేషన్ ఇవ్వాలి. అందులో పాత యూఏఎన్, పాత ఉద్యోగం వదిలిన తేదీ అడుగుతారు. దాని మీద సంతకం ఉద్యోగిదే.

ఇప్పుడు చూడండి. రెజ్యూమెలో 2025 మార్చి, ఈపీఎఫ్‌వో రికార్డులో 2023 సెప్టెంబర్. ఇంటర్వ్యూలో ఎవరూ గుర్తించకపోవచ్చు. ఆఫర్ లెటర్ కూడా రావచ్చు. కానీ చేరే రోజు కాగితాల దగ్గర ఏడాదిన్నర తేడా బయటపడుతుంది. అప్పుడు హెచ్ఆర్ ముందున్న ప్రశ్న 'గ్యాప్ ఎందుకు వచ్చింది' అన్నది కాదు. 'ఈమె అబద్ధం ఎందుకు చెప్పారు' అన్నది. అకౌంట్స్ ఉద్యోగానికి వచ్చిన మనిషి తేదీలు మార్చి రాశారంటే, రేపు లెక్కలు మార్చరన్న గ్యారెంటీ ఏంటి? రెండేళ్ల గ్యాప్‌కు జవాబు ఉంటుంది, దీనికి ఉండదు.

నెలలు తీసేసి సంవత్సరాలు మాత్రమే రాసే ట్రిక్ కూడా ఇక్కడ పనిచేయదు. '2019 – 2023' అని రాస్తే నాలుగైదు నెలల ఖాళీ కనపడకుండా పోవచ్చేమో. రెండేళ్లు ఎక్కడికీ పోవు. పైగా నెలలు ఎందుకు రాయలేదన్న అనుమానం అదనం. ఇంకొందరు ఆ కాలంలో ఫ్రీలాన్సింగ్ చేశామని రాస్తారు. నిజంగా చేసి ఉంటే తప్పకుండా రాయాలి. చేయకపోతే 'ఎవరికి చేశారు, ఏ రిటర్న్ వేశారు' అన్న రెండో ప్రశ్నకే ఆగిపోవాల్సి వస్తుంది.

దరఖాస్తుకు ముందే ఈ ఒక్క చెక్ తప్పనిసరి

నిజాయితీగా రాసినవాళ్లు కూడా ఒక్కోసారి ఇరుక్కుంటారు. కారణం పాత కంపెనీ నిర్లక్ష్యం. ఉద్యోగి మానేసినా ఈపీఎఫ్‌వోలో ఎగ్జిట్ తేదీ నమోదు చేయరు. రికార్డు చూసేవాళ్లకు ఆ మనిషి ఇంకా అక్కడే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. రెజ్యూమెలో 2023లో మానేశానని ఉంటుంది, రికార్డులో మానేసినట్టే ఉండదు!

అందుకే రెజ్యూమె పంపే ముందు ఈపీఎఫ్‌వో మెంబర్ పోర్టల్‌లోకి యూఏఎన్‌తో లాగిన్ కావాలి. View మెనూలో Service History అని ఉంటుంది. అక్కడ చేరిన తేదీ, బయటకు వచ్చిన తేదీ రెండూ ఉన్నాయో లేదో చూడాలి. ఎగ్జిట్ తేదీ లేకపోతే ముందుగా పాత సంస్థను అడగాలి. వాళ్లు పట్టించుకోకపోతే ఉద్యోగే నమోదు చేసుకోవచ్చు. Manage మెనూలో Mark Exit అనే ఆప్షన్ ఉంటుంది. ఉద్యోగం వదిలి రెండు నెలలు దాటి ఉండాలి. ఆధార్‌కు లింక్ అయిన మొబైల్‌కు ఓటీపీ వస్తుంది. చివరిసారి పీఎఫ్ జమ అయిన నెలలోని తేదీనే ఇవ్వాలి. మన ఉదాహరణలో చివరి జమ 2023 సెప్టెంబర్‌కు సంబంధించినది కాబట్టి సెప్టెంబర్ 30 అని ఇస్తే సరిపోతుంది. రిలీవింగ్ లెటర్‌లోని తేదీతో సరిపోల్చుకుని, ఒకటికి రెండుసార్లు చూసుకున్నాకే సబ్మిట్ కొట్టాలి. తర్వాత మార్చుకోవడం అంత సులువు కాదు.

మరి పీఎఫ్ లేని చిన్న దుకాణంలోనో, ప్రైవేటు స్కూల్‌లోనో పనిచేసినవాళ్లు? వాళ్లకు రిలీవింగ్ లెటర్, జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంటే ఆధారం. రెండేళ్ల తర్వాత పాత యజమాని దగ్గరకు వెళ్లి సర్వీస్ సర్టిఫికెట్ అడగడం ఇబ్బందిగా అనిపించొచ్చు. కానీ ఇంటర్వ్యూ కాల్ వచ్చాక పరుగెత్తడం కంటే ముందే తెచ్చుకోవడం మేలు.

ఎక్కడ రాయాలి? ఎంత రాయాలి?

రెజ్యూమెలో గ్యాప్‌కు సరైన చోటు ఎక్స్‌పీరియన్స్ సెక్షనే. పైన కొత్తది, కింద పాతది వచ్చే వరుసలో ఒక ఉద్యోగం రాసినట్టే దీన్నీ రాయాలి. రెజ్యూమె ఎలాగూ ఇంగ్లీషులోనే ఉంటుంది. అందులో ఉండాల్సిన సారాంశం మాత్రం ఇది:

2023 అక్టోబర్ – 2025 సెప్టెంబర్: కెరీర్ బ్రేక్, కుటుంబ సంరక్షణ బాధ్యతలు. ప్రస్తుతం పూర్తికాల ఉద్యోగానికి సిద్ధం.

అంతే. ఇందులో మూడు విషయాలున్నాయి. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఎందుకు, ఇప్పుడు పరిస్థితి ఏంటి. మూడోదే చాలామంది మర్చిపోతారు. కంపెనీకి అన్నిటికంటే ముఖ్యమైనది కూడా అదే.

రాయకూడనివీ ఉన్నాయి. అత్తమ్మకు ఏ జబ్బు, ఏ ఆస్పత్రి, ఎన్ని డయాలసిస్‌లు.. ఇవేవీ అక్కర్లేదు. అవి ఇంకొకరి ఆరోగ్య వివరాలు. ఆ కాగితం ఎన్ని చేతులు మారుతుందో తెలియదు. 'దురదృష్టవశాత్తు', 'తప్పనిసరి పరిస్థితుల్లో' లాంటి మాటలు కూడా వద్దు. అవి క్షమాపణలా వినిపిస్తాయి. అలాగే ఇంటి పనిని పెద్ద హోదాలా మార్చి, 'హోమ్ మేనేజర్' అని, 'టైమ్ మేనేజ్‌మెంట్‌లో నిపుణురాలు' అని రాయడం వల్ల ఉపయోగం లేదు. చదివేవాళ్లు అది అలంకారమే అనుకుంటారు.

లింక్డ్‌ఇన్ 2022 మార్చిలో కెరీర్ బ్రేక్ అనే ప్రత్యేక విభాగం తెచ్చింది. పిల్లల పెంపకం, కుటుంబ సభ్యుల సంరక్షణ లాంటి కారణాలు అందులోనే ఎంచుకోవచ్చు. అక్కడ ప్రొఫైల్ ఉన్నవాళ్లు రెజ్యూమెలో రాసిన నెలలే అక్కడా ఇవ్వాలి. రెండు చోట్ల రెండు తేదీలుంటే మళ్లీ కథ మొదటికొస్తుంది.

కంపెనీ అసలు భయం గ్యాప్ కాదు

రెజ్యూమె దాటి ఇంటర్వ్యూ దాకా వెళ్లాక ప్రశ్న మారుతుంది. పైకి అడిగేది 'రెండేళ్లు ఏం చేశారు' అనే. లోపల ఉన్న అనుమానాలు రెండు. ఒకటి, పని మర్చిపోయారా? రెండు, మళ్లీ మధ్యలో మానేస్తారా?

మొదటిదానికి జవాబు మాటల్లో కుదరదు, పనిలో చూపించాలి. మన ఉదాహరణలోని ఆమెది అకౌంట్స్. ఆమె లేని రెండేళ్లలో జీఎస్టీలో పెద్ద మార్పులే వచ్చాయి. 2024 అక్టోబర్‌లో పోర్టల్‌లో ఇన్వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ మొదలైంది. సరుకు అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లును కొన్నవాళ్లు ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, పెండింగ్‌లో పెట్టొచ్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రేట్లే మారిపోయాయి. ఆటో విడిభాగాల్లో 28 శాతం ఉన్నవి 18కి వచ్చాయి. ట్రాక్టర్ల మీద 12 శాతం ఉన్నది 5 అయింది. జహీరాబాద్ లాంటి చోట ట్రాక్టర్ల, విడిభాగాల వ్యాపారంలో ఉన్న సంస్థలకు ఈ రెండూ రోజువారీ విషయాలు.

కాబట్టి దరఖాస్తుకు ముందు రెండు మూడు వారాలు ఆమె చేయాల్సిన పని స్పష్టం. తెలిసిన వ్యాపారి దగ్గరో, ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులోనో కూర్చుని ఒక నెల బిల్లులను కొత్త పద్ధతిలో చూసి రావడం. పాత రేటుతో కొన్న స్టాక్‌ను కొత్త రేటుతో అమ్మితే ఎంట్రీ ఎలా వేయాలో చేసి చూడటం. అప్పుడు రెజ్యూమెలో గ్యాప్ లైన్ కింద ఇంకో లైన్ రాయొచ్చు.. సెప్టెంబర్ 2025 జీఎస్టీ రేట్ల మార్పు ప్రకారం బిల్లింగ్‌పై ప్రాక్టీస్ చేశానని. ఒక్క రోజు వీడియో చూసి వచ్చిన సర్టిఫికెట్లు అరడజను పెట్టడం కంటే ఈ ఒక్క లైన్ బలమైనది. ఎందుకంటే ఇంటర్వ్యూ చేసేవాళ్లు దాని మీద ప్రశ్న అడగగలరు, ఆమె జవాబు చెప్పగలరు.

వేరే రంగాల వాళ్లకూ సూత్రం ఇదే. ఈ రెండేళ్లలో నా పనిలో ఏం మారింది? అందులో నేను ఏది చేసి చూపించగలను? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే మొదటి అనుమానం తీరినట్టే.

'మళ్లీ అవసరం పడితే ఏం చేస్తారమ్మా?'

రెండో అనుమానమే కష్టమైంది. కొందరు నేరుగా అడుగుతారు, కొందరు అడగకుండానే పక్కన పెట్టేస్తారు. అందుకే ఎదుటివాళ్లు అడిగే దాకా ఆగకుండా మొదటి జవాబులోనే చెప్పేయడం మంచిది. అది ఇలా ఉండొచ్చు:

'సర్, 2023 సెప్టెంబర్‌లో ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం, పాప బాధ్యత వల్ల నేనే రాజీనామా చేశాను. ఇప్పుడు పాపకు మూడేళ్లు నిండాయి, అంగన్‌వాడీకి వెళ్తోంది, మధ్యాహ్నం నుంచి మా అమ్మ చూసుకుంటారు. అత్తమ్మను ఆస్పత్రికి మా మరిది తీసుకెళ్తున్నారు. మూడు నెలలుగా ఇదే నడుస్తోంది.'

ఇందులో బలం ఎక్కడుందో గమనించండి. 'ఇక ఏ ఇబ్బందీ రాదు సర్' అని ఆమె అనలేదు. అలాంటి మాట ఎవరూ ఇవ్వలేరు, ఎవరూ నమ్మరు. ఏ పని ఎవరు చూసుకుంటున్నారో చెప్పారు. అది మూడు నెలలుగా నడుస్తోందని చెప్పారు. అంటే ఏర్పాటు ఇంకా ఆలోచనలో లేదు, అమల్లో ఉంది. అర నిమిషంలో జవాబు పూర్తయింది. ఆ వెంటనే మాటను పని మీదకు మళ్లించాలి.

అయితే ఇది నిజం కావాలంటే ఇంట్లో ఆ మాట ముందే జరగాలి. డయాలసిస్ రోజుల్లో ఎవరు వెళ్తారు? అంగన్‌వాడీకి సెలవైతే పాప ఎక్కడ ఉంటుంది? కేంద్ర గణాంక శాఖ 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం, 15 నుంచి 59 ఏళ్ల వయసువారిలో ఇంట్లోవాళ్ల సంరక్షణ చూసే మహిళలు దానికి రోజుకు సగటున 140 నిమిషాలు వెచ్చిస్తుంటే, మగవాళ్లు 74 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఈ లెక్క కాస్తయినా మారకుండా ఆమె ఆఫీసుకు వెళ్తే, ఆరు నెలల్లో రెండో గ్యాప్ వచ్చే ప్రమాదం ఉంది. రెజ్యూమెలో రాసే 'ప్రస్తుతం సిద్ధం' అన్న మాట ఆమె ఒక్కరిదే కాదు, ఇంటి మొత్తానిది.

ఇదంతా చేసినా పని జరగకపోతే?

జరగకపోవచ్చు. గ్యాప్ కనిపించగానే రెజ్యూమె పక్కన పడేసే చోట్లు ఉన్నాయి. సరిగ్గా రాసినంత మాత్రాన అవి మారవు. బ్రేక్ తీసుకున్న మహిళల కోసమే ప్రత్యేక నియామకాలు చేసే సంస్థలూ ఉన్నాయి. టాటా గ్రూప్ 2008లోనే సెకండ్ కెరీర్ ఇంటర్న్‌షిప్ ప్రోగ్రామ్ ప్రారంభించింది. టీసీఎస్‌లో రీబిగిన్, ఇన్ఫోసిస్‌లో రీస్టార్ట్ పేరుతో ఇలాంటివే ఉన్నాయి. కానీ ఐటీ కొలువులు పెద్ద నగరాల చుట్టూనే. చంటిపిల్ల, డయాలసిస్ పేషెంట్ ఉన్న ఇంటి నుంచి కోహీర్ టు హైదరాబాద్ రోజూ వెళ్లిరావడం అయ్యే పని కాదు.

అందుకే కోహీర్ మహిళకు మొదటి తలుపు చాలాసార్లు పాత కంపెనీదే. అక్కడ ఆమె పని ఎలాంటిదో తెలిసినవాళ్లు ఉన్నారు. ఎందుకు మానేశారో వాళ్లకు వివరించాల్సిన పని లేదు. పోస్టు ఖాళీ లేకపోయినా, ఆనాటి సూపర్‌వైజర్ పేరు రిఫరెన్స్‌గా ఇవ్వడానికి అనుమతి దొరుకుతుంది. 'ఆమె తేదీలు నిజమే, పని బాగా చేసేది' అని ఫోన్‌లో ఒక్క మాట చెప్పే మనిషి ఉంటే రెండేళ్ల ఖాళీ గురించి రెండో ప్రశ్న రాకపోవచ్చు.

జీతం విషయంలోనూ ఒక మాట. గ్యాప్ ఉంది కదా అని పాత జీతం కంటే తక్కువ ఇస్తామంటారు. అప్పుడు గుర్తు పెట్టుకోవాల్సిన నంబర్ రెండు కాదు, నాలుగు. ఆమె దగ్గర 4 ఏళ్ల 4 నెలల అనుభవం ఉంది. అది ఈపీఎఫ్‌వో రికార్డులో తేదీలతో సహా ఉంది. గ్యాప్‌ను నిజంగా పట్టించే ఆ రికార్డే, చేసిన పనికి సాక్ష్యం కూడా.